సేవింగ్స్ ఖాతా వడ్డీ: రోజువారీ నిల్వపై లెక్క, ఖాతాలో జమ అయ్యే రోజు – తరచుగా అడిగే ప్రశ్నలు

సేవింగ్స్ ఖాతా వడ్డీ గురించి పాఠకులు అడిగే సందేహాలు దాదాపు ఒకే చోట పుడుతున్నాయి. బ్యాంకు వడ్డీని ప్రతి రోజూ లెక్కిస్తుంది, కానీ ఖాతాలో చాలావరకు మూడు నెలలకోసారి మాత్రమే జమ చేస్తుంది. లెక్క జరిగే రోజుకూ డబ్బు పడే రోజుకూ మధ్య ఉన్న ఈ దూరం వల్లనే పాస్‌బుక్‌లోని అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు. పదేపదే వచ్చే ప్రశ్నలను ఇక్కడ దశలవారీగా కూర్చాను. ప్రతి జవాబునూ విడిగా చదువుకోవచ్చు. ఇక్కడి విషయాలన్నీ భారతదేశంలోని బ్యాంకుల రూపాయి ఖాతాలకు సంబంధించినవి.

## డబ్బు ఖాతాలో పడేటప్పుడు

బ్యాంకు నా ఖాతాలో ఏ నిల్వ మీద వడ్డీ లెక్కిస్తుంది?

రోజు ముగిసేసరికి మీ ఖాతాలో మిగిలి ఉన్న నిల్వ మీద లెక్కిస్తుంది. ఆ రోజులో నిల్వ ఎంతవరకు పెరిగింది, ఎంతవరకు తగ్గింది అన్నది లెక్కలోకి రాదు. రోజు ముగింపులో ఉన్న మొత్తానికి ఒక్క రోజు వడ్డీ కట్టి పక్కన పెడతారు, మర్నాడు మళ్లీ కొత్త ముగింపు నిల్వతో అదే లెక్క చేస్తారు. ఇలా రోజుల వారీగా పోగైన వడ్డీని నిర్ణీత తేదీన ఒకేసారి ఖాతాలో వేస్తారు. నెలలో సగటున ఎంత ఉంచారన్నదీ, నెలాఖరున ఎంత ఉందన్నదీ ఈ లెక్కకు విడిగా అవసరం లేదు.

పదో తేదీలోపు డబ్బు వేస్తేనే ఆ నెల వడ్డీ వస్తుందని మా నాన్నగారు అంటారు. అది నిజమేనా?

బ్యాంకుల విషయంలో 2010 మార్చి 31 వరకు అది నిజమే. అప్పటి పద్ధతిలో నెలలో పదో తేదీకీ ఆఖరు తేదీకీ మధ్య ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీద మాత్రమే ఆ నెల వడ్డీ ఇచ్చేవారు. పదకొండో తేదీన లక్ష రూపాయలు వేసినా ఆ నెలకు దానిపై పైసా వచ్చేది కాదు. పదిహేనో తేదీన ఒక్క రోజు డబ్బు తీసి మర్నాడే తిరిగి వేసినా నెలంతటికీ వడ్డీ తగ్గిపోయేది. ఖాతాదారులకు జరుగుతున్న ఈ నష్టాన్ని తొలగించేందుకు రిజర్వ్ బ్యాంకు 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ పద్ధతిని తప్పనిసరి చేసింది. కాబట్టి బ్యాంకు ఖాతాకు ఇప్పుడు పదో తేదీ పట్టింపు లేదు.

అయితే పెద్దవాళ్ల మాట పూర్తిగా పాతబడలేదు. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాకు ఇప్పటికీ ఆ నియమమే ఉంది. అక్కడ పదో తేదీకీ నెలాఖరుకూ మధ్య ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ కడతారు, ఆ మధ్యలో నిల్వ 500 రూపాయల కంటే తగ్గితే ఆ నెలకు వడ్డీ ఉండదు. ఆ వడ్డీని ఆర్థిక సంవత్సరం ముగిసినప్పుడు ఏడాదికోసారి జమ చేస్తారు. రేటు ఏడాదికి 4 శాతం కావడంతో చాలా బ్యాంకుల కంటే పోస్టాఫీసు ఖాతా మెరుగ్గా కనిపిస్తుంది. కానీ నెల మధ్యలో డబ్బు తీసే అలవాటున్న వారికి ఆ ఎక్కువ రేటు పూర్తిగా అందదు.

ఉదయం జీతం పడి సాయంత్రానికే ఈఎంఐకి, అద్దెకు పోతే ఆ రోజుకు వడ్డీ వస్తుందా?

పోయిన మొత్తం మీద రాదు. రోజు ముగిసేసరికి మిగిలిన దాని మీద మాత్రమే వస్తుంది. జమ చేసిన రోజు లెక్కలోకి వస్తుంది, తీసిన రోజు రాదు అని గుర్తుంచుకుంటే చాలు. సోమవారం వేసిన డబ్బును గురువారం తీస్తే సోమ, మంగళ, బుధవారాలకు, అంటే మూడు రోజులకు వడ్డీ వస్తుంది. ఆదివారాలు, పండుగ సెలవులు కూడా మామూలు రోజుల్లాగే లెక్కలో ఉంటాయి. శనివారం రాత్రి ఖాతాలో ఉన్న నిల్వను ఆదివారం ఎవరూ కదపకపోతే ఆ నిల్వకే ఆదివారం వడ్డీ కూడా పడుతుంది.

రాత్రి పన్నెండు దగ్గరపడ్డాక చేసే యూపీఐ, నెఫ్ట్ లావాదేవీలు ఏ తేదీ కింద నమోదయ్యాయో స్టేట్‌మెంట్‌లో చూసుకోవాలి. ఫోన్‌లో కనిపించిన సమయం కాకుండా బ్యాంకు నమోదు చేసిన తేదీయే వడ్డీ లెక్కకు ఆధారమవుతుంది.

చెక్కు వేసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుందా?

మొదలవదు. చెక్కు క్లియర్ అయి డబ్బు మీ ఖాతాలో నిజంగా జమ అయిన రోజు నుంచే ఆ మొత్తం ముగింపు నిల్వలో కలుస్తుంది. చెక్కు పెట్టెలో వేసిన తేదీకి వడ్డీ లెక్కతో సంబంధం లేదు. బ్యాంకు తన వసూళ్ల విధానంలో చెప్పుకున్న గడువును దాటి ఆలస్యం చేస్తే మాత్రం, ఆలస్యమైన రోజులకు పరిహారంగా వడ్డీ అడిగే హక్కు మీకు ఉంటుంది. ఆ విధానం బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటుంది.

ఐపీఓకు దరఖాస్తు చేస్తే డబ్బు బ్లాక్ అయింది. ఆ రోజులకు వడ్డీ పోయినట్టేనా?

పోదు. దరఖాస్తు మొత్తాన్ని బ్యాంకు మీ ఖాతాలోనే ఉంచి, మీరు వాడుకోకుండా ఆపి ఉంచుతుంది. అందువల్ల వాడుకోగల నిల్వ తగ్గినట్టు కనిపించినా, ఖాతాలోని మొత్తం నిల్వ తగ్గదు. వడ్డీ మొత్తం నిల్వ మీదే నడుస్తుంది. షేర్లు కేటాయించి డబ్బు ఖాతా నుంచి వెళ్లిన రోజున మాత్రమే ఆ మొత్తానికి వడ్డీ ఆగుతుంది.

## రోజువారీ లెక్క సాగుతున్నప్పుడు

మూడు నెలల వడ్డీని కాగితం మీద ఎలా లెక్క వేసుకోవాలి? ఒక ఉదాహరణతో చెప్పండి.

ప్రతి రోజు ముగింపు నిల్వను రాసుకుని, త్రైమాసికంలోని అన్ని రోజుల నిల్వలనూ కూడాలి. నిల్వ మారని రోజులను కలిపి ఒకేసారి గుణించుకోవచ్చు. 50,000 రూపాయలు నాలుగు రోజులు ఉంటే 2,00,000 అని రాసుకుంటే చాలు. బ్యాంకు భాషలో దీనినే ప్రొడక్ట్ అంటారు, డైలీ ప్రొడక్ట్ పద్ధతి అన్న పేరు అలా వచ్చింది. ఆ మొత్తానికి ఒక్క రోజు వడ్డీ కడితే త్రైమాసికం వడ్డీ వస్తుంది.

```
వడ్డీ = రోజువారీ నిల్వల మొత్తం × వార్షిక రేటు ÷ (100 × 365)
```

ఉదాహరణకు విజయవాడలో నెలకు 40,000 రూపాయల జీతం ఉన్న ఒక ఉద్యోగి ఖాతాను తీసుకుందాం. రేటు ఏడాదికి 2.5 శాతం. జూన్ నెలాఖరుకు నిల్వ 10,000. ప్రతి నెల ఒకటో తేదీన జీతం పడుతుంది, అయిదో తేదీన అద్దె, ఈఎంఐ కలిపి 22,000 పోతాయి, పదిహేనో తేదీన చీటీకి 8,000 కడతారు. లెక్క తేలిగ్గా ఉండేందుకు ఇంటి ఖర్చులను ఇక్కడ వదిలేశాను.

జూలై ఒకటి నుంచి నాలుగు వరకు నిల్వ 50,000. నాలుగు రోజులకు 2,00,000. అయిదు నుంచి పద్నాలుగు వరకు 28,000 చొప్పున పది రోజులకు 2,80,000. పదిహేను నుంచి ముప్ఫై ఒకటి వరకు 20,000 చొప్పున పదిహేడు రోజులకు 3,40,000. జూలై మొత్తం 8,20,000.

ఆగస్టు మొదటి నాలుగు రోజులు నిల్వ 60,000, కాబట్టి 2,40,000. తర్వాతి పది రోజులు 38,000 చొప్పున 3,80,000. పదిహేను నుంచి పందొమ్మిది వరకు 30,000 చొప్పున అయిదు రోజులకు 1,50,000. ఇరవయ్యో తేదీన ఊళ్లో పొలం కౌలు డబ్బు లక్ష రూపాయలు వచ్చింది, ఇరవై నాలుగున అది కూతురి కాలేజీ ఫీజుకు వెళ్లింది. ఆ నాలుగు రోజులూ ముగింపు నిల్వ 1,30,000, అంటే 5,20,000. మిగిలిన ఎనిమిది రోజులు 30,000 చొప్పున 2,40,000. ఆగస్టు మొత్తం 15,30,000.

సెప్టెంబరులో మొదటి నాలుగు రోజులు 70,000 చొప్పున 2,80,000, తర్వాతి పది రోజులు 48,000 చొప్పున 4,80,000, చివరి పదహారు రోజులు 40,000 చొప్పున 6,40,000. మొత్తం 14,00,000.

మూడు నెలలూ కలిపితే 37,50,000. దీనిని 2.5 తో గుణించి 36,500 తో భాగిస్తే 256 రూపాయల 85 పైసలు. దగ్గరి రూపాయికి సవరించి బ్యాంకు 257 జమ చేస్తుంది.

ఇందులో రెండు విషయాలు గమనించదగినవి. కౌలు డబ్బు నాలుగు రోజులే ఉన్నా దానికి 27 రూపాయల 40 పైసలు వచ్చాయి, కనిష్ఠ నిల్వ పద్ధతిలో అయితే దానికి ఏమీ వచ్చేది కాదు. ఇక ఒక్క జూలైనే తీసుకుంటే రోజువారీ లెక్కలో 56 రూపాయల 16 పైసలు వచ్చాయి, పాత పద్ధతిలో కనిష్ఠ నిల్వ 20,000 మీద 41 రూపాయల 67 పైసలే వచ్చేవి. నెల మొదట్లో ఎక్కువగా ఉండి క్రమంగా తరిగే జీతం ఖాతాకు రోజువారీ లెక్క ఎంత మేలు చేస్తుందో ఈ తేడా చూపిస్తుంది.

మా బ్యాంకు లక్ష దాటితే ఎక్కువ రేటు అంటోంది. ఆ రేటు మొత్తం నిల్వకు వర్తిస్తుందా?

అది బ్యాంకును బట్టి ఉంటుంది, డబ్బు వేసే ముందే తెలుసుకోవాలి. రిజర్వ్ బ్యాంకు 2011 అక్టోబరు 25న సేవింగ్స్ రేట్లపై నియంత్రణ ఎత్తివేసింది. అప్పటి నుంచి లక్ష రూపాయల వరకు ఉన్న నిల్వకు ప్రతి బ్యాంకూ అందరికీ ఒకే రేటు ఇవ్వాలి, లక్ష దాటిన నిల్వకు వేర్వేరు రేట్లు పెట్టుకోవచ్చు. చాలా బ్యాంకులు ఎక్కువ రేటును లక్ష దాటిన భాగానికి మాత్రమే ఇస్తాయి.

లక్ష వరకు 3 శాతం, ఆపైన 5 శాతం ఇచ్చే బ్యాంకులో మీ ముగింపు నిల్వ 1,50,000 అనుకుందాం. మొదటి లక్షకు ఒక రోజు వడ్డీ 8 రూపాయల 22 పైసలు, మిగతా 50,000కు 6 రూపాయల 85 పైసలు, మొత్తం 15 రూపాయల 7 పైసలు. మొత్తం నిల్వకూ 5 శాతం అని పొరబడితే 20 రూపాయల 55 పైసలు వస్తుందని ఆశిస్తారు. ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉండే రేటును మీ నిల్వకు అందే నిజమైన రేటుగా తీసుకోవద్దు. మీరు ఏ శ్రేణిలో ఉన్నారన్నదీ ప్రతి రోజు ముగింపు నిల్వను బట్టే తేలుతుంది. నిన్న లక్ష దాటి నేడు తగ్గితే నిన్నటికి మాత్రమే రెండు రేట్లు కలుస్తాయి.

త్రైమాసికం మధ్యలో బ్యాంకు రేటు తగ్గించింది. మూడు నెలలకూ కొత్త రేటే వేస్తారా?

వేయరు. రేటు మారిన తేదీకి ముందు రోజుల వరకు పాత రేటు, ఆ తేదీ నుంచి కొత్త రేటు. భారతీయ స్టేట్ బ్యాంకు 2025 జూన్ 15 నుంచి సేవింగ్స్ రేటును 2.70 శాతం నుంచి 2.50 శాతానికి తగ్గించింది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు లక్ష రూపాయలు కదలకుండా ఉన్న ఖాతాకు మొదటి 75 రోజులకు పాత రేటుతో 554 రూపాయల 79 పైసలు, చివరి 16 రోజులకు కొత్త రేటుతో 109 రూపాయల 59 పైసలు, మొత్తం సుమారు 664 రూపాయలు అవుతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు వేసిన రోజు రేటు గడువు తీరేవరకు నిలుస్తుంది కానీ సేవింగ్స్ ఖాతాకు అలాంటి హామీ లేదు, రేటు పెరిగినా తగ్గినా ఆ రోజు నుంచే అందరికీ వర్తిస్తుంది.

ఏడాదిని 365 రోజులుగా తీసుకుంటారా, 366గానా? పైసలు ఏమవుతాయి?

మామూలు సంవత్సరంలో 365తో భాగిస్తారు. లీపు సంవత్సరంలో కొన్ని బ్యాంకులు 366తో, కొన్ని 365తోనే లెక్కిస్తాయి. మామూలు నిల్వలకు ఈ తేడా ఒకటి రెండు రూపాయలు కూడా దాటదు. పైసల సంగతికి వస్తే, రూపాయి డిపాజిట్ల వడ్డీని దగ్గరి రూపాయికి సవరించాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఈ సవరణ జమ చేసేటప్పుడు ఒకేసారి జరుగుతుంది, రోజూ జరగదు. అందుకే చిన్న నిల్వలకు రోజుకు కొన్ని పైసలే వచ్చినా అవి పోకుండా పోగవుతాయి.

మినిమమ్ బ్యాలెన్స్ లేని నెలలో వడ్డీ ఆపేస్తారా?

ఆపరు. నెలవారీ సగటు నిల్వ తగ్గినందుకు బ్యాంకు తన నిబంధనల ప్రకారం చార్జీ వేయవచ్చు, కానీ ఖాతాలో ఉన్న ఎంత చిన్న మొత్తానికైనా వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇవి రెండూ వేర్వేరు లెక్కలు. అయితే చార్జీ తీసుకున్న రోజు నుంచి నిల్వ ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి వడ్డీ కూడా స్వల్పంగా తగ్గుతుంది.

ఖాతాకు స్వీప్ సౌకర్యం పెట్టించాను. ఇప్పుడు సేవింగ్స్ వడ్డీ తగ్గింది, ఎందుకు?

మీరు నిర్ణయించిన పరిమితి దాటిన డబ్బును బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి మార్చింది కాబట్టి సేవింగ్స్ ముగింపు నిల్వలో ఆ భాగం ఇక లేదు. దానికి వడ్డీ డిపాజిట్ రేటుతో విడిగా వస్తుంది. రెండు వడ్డీలనూ కలిపి చూస్తేనే మీకు వచ్చింది ఎంతో తెలుస్తుంది. తరచుగా డబ్బు వెనక్కి తీసే ఖాతాల్లో డిపాజిట్లు గడువుకు ముందే విరిగి, బ్యాంకును బట్టి తక్కువ రేటు గానీ జరిమానా గానీ పడుతుంది. అలాంటి ఖాతాకు స్వీప్ వల్ల పెద్దగా లాభం ఉండదు.

## వడ్డీ జమ అయ్యే వేళ

రోజూ లెక్కిస్తున్నప్పుడు రోజూ ఎందుకు జమ చేయరు? అసలు ఎప్పుడు చేస్తారు?

మూడు నెలలకోసారి లేదా అంతకంటే తక్కువ వ్యవధిలో జమ చేయాలన్నది రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం. అంటే మూడు నెలలు గరిష్ఠ వ్యవధి, అంతకంటే ఆలస్యం చేయకూడదు. చాలా బ్యాంకులు ఈ గరిష్ఠ వ్యవధినే ఎంచుకుని మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలల్లో జమ చేస్తాయి. నెలనెలా జమ చేసే బ్యాంకులూ ఉన్నాయి. రోజువారీ లెక్క బ్యాంకు పుస్తకాల్లో పోగవుతూ ఉంటుంది కానీ, జమ తేదీ వచ్చేవరకు అది మీ నిల్వలో కనిపించదు, దానిని తీసుకోవడం కూడా కుదరదు.

త్రైమాసికం అయిపోయింది కానీ నాకు వడ్డీ పడలేదు. లేదా ముందే పడింది. ఏది సరి?

రెండూ సరే కావచ్చు. జమ తేదీని బ్యాంకే నిర్ణయించుకుంటుంది. కొన్ని బ్యాంకులు నెల చివరి రోజున వేస్తే, కొన్ని నెలాఖరుకు కొద్ది రోజుల ముందే లెక్క ముగించి వేస్తాయి. అలా ముందే వేసినప్పుడు మిగిలిన రోజుల వడ్డీ పోదు, వచ్చే త్రైమాసికం లెక్కలో చేరుతుంది. స్టేట్‌మెంట్‌లో వడ్డీ వరుస సాధారణంగా `Int.Pd` లేదా `CREDIT INTEREST` వంటి పేరుతో ఉంటుంది. కొన్ని బ్యాంకులు దాని పక్కనే ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు లెక్కించారో కూడా రాస్తాయి. ఆ రెండు తేదీలను చూడకుండా క్యాలెండరు నెలలతో లెక్క వేస్తే తేడా వచ్చినట్టు కనిపిస్తుంది. గత త్రైమాసికంలో వడ్డీ పడిన తేదీని చూస్తే ఈసారి ఎప్పుడు పడుతుందో దాదాపుగా తెలుస్తుంది.

వడ్డీ మీద మళ్లీ వడ్డీ వస్తుందా?

జమ అయిన తర్వాత వస్తుంది. జమ అయిన రోజు నుంచి ఆ వడ్డీ మీ నిల్వలో భాగమై మామూలు డబ్బులాగే లెక్కలోకి వస్తుంది. జమ కాకముందు పోగవుతున్న వడ్డీ మీద మాత్రం రాదు. 2.5 శాతం రేటుతో లక్ష రూపాయలు ఏడాదంతా కదలకుండా ఉంటే, త్రైమాసిక జమ వల్ల 2,500కు బదులు దాదాపు 2,524 రూపాయలు వస్తాయి. అదే నెలనెలా జమ అయితే సుమారు 2,529. అంటే ఇదే రేటు దగ్గర నెలవారీ జమతో లభించే అదనం లక్షకు ఏడాదికి అయిదు రూపాయలే. బ్యాంకును ఎంచుకునేటప్పుడు జమ వ్యవధి కంటే రేటు, శ్రేణుల నిబంధనలే ముఖ్యమని నా అభిప్రాయం.

త్రైమాసికం మధ్యలో ఖాతా మూసేస్తే అప్పటివరకు వడ్డీ ఇస్తారా?

ఇస్తారు. గత జమ తేదీ నుంచి ఖాతా మూసే రోజుకు ముందు రోజు వరకు పోగైన వడ్డీని మూసేటప్పుడే కలిపి ఇస్తారు. ముందుగా డబ్బంతా వేరే ఖాతాకు పంపేసి సున్నా నిల్వతో మూయించుకునేవారు ఈ చివరి వడ్డీ చేతికి వచ్చిందో లేదో తప్పక చూసుకోవాలి. మూసే దరఖాస్తులో మిగిలిన మొత్తం ఏ ఖాతాకు పంపాలో రాసి ఇవ్వడం మంచిది.

రెండేళ్లుగా వాడని ఖాతాకు వడ్డీ ఆగిపోతుందా?

ఆగదు. రెండేళ్లు ఖాతాదారు లావాదేవీలు లేకపోతే ఖాతాను పనిచేయనిదిగా గుర్తిస్తారు కానీ, సేవింగ్స్ వడ్డీని మాత్రం క్రమం తప్పకుండా జమ చేయాల్సిందే. వడ్డీ జమ కావడాన్ని ఖాతాదారు చేసిన లావాదేవీగా పరిగణించరు, కాబట్టి అది పడుతున్నంత మాత్రాన ఖాతా చురుగ్గా ఉన్నట్టు కాదు. పదేళ్లు దాటితే డబ్బు రిజర్వ్ బ్యాంకు నిర్వహించే డిపాజిటర్ల నిధికి వెళుతుంది. అక్కడి నుంచి కూడా బ్యాంకు ద్వారా తిరిగి కోరవచ్చు.

మేము అమెరికాలో ఉంటున్నాం. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ సేవింగ్స్ ఖాతాలకు లెక్క వేరేగా ఉంటుందా?

లెక్క విధానం అదే, రోజు ముగింపు నిల్వ మీదే, జమ మూడు నెలలకు మించకుండా. దేశీయ ఖాతాకు ఇచ్చే రేటు కంటే ఎక్కువ రేటు ఈ ఖాతాలకు ఇవ్వకూడదని నియమం ఉంది. తేడా పన్నులో ఉంటుంది. ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకి భారతదేశంలో పన్ను లేదు, ఎన్ఆర్ఓ ఖాతా వడ్డీ నుంచి 30 శాతం, దానిపై సెస్సు కలిపి మూలంలోనే కోస్తారు. అందువల్ల ఎన్ఆర్ఓ ఖాతాలో జమ వరుస వెంటనే కోత వరుస కూడా కనిపిస్తుంది. భారత, అమెరికా దేశాల మధ్య పన్ను ఒప్పందం ప్రకారం తక్కువ రేటు కోరాలంటే అమెరికా పన్ను నివాస ధ్రువపత్రాన్ని బ్యాంకుకు ముందుగా ఇవ్వాలి.

## జమ అయ్యాక సరిచూసుకునేటప్పుడు

నా లెక్కకూ బ్యాంకు జమ చేసిన మొత్తానికీ తేడా వచ్చింది. తప్పు ఎక్కడ ఉండవచ్చు?

ఎక్కువగా జరిగే పొరపాటు, స్టేట్‌మెంట్‌లోని వరుసలను రోజులుగా భావించడం. స్టేట్‌మెంట్‌లో లావాదేవీ జరిగిన రోజులే ఉంటాయి. మూడో తేదీన ఒక వరుస, తొమ్మిదో తేదీన మరో వరుస ఉంటే, మూడో తేదీ నిల్వ ఎనిమిదో తేదీ వరకు, అంటే ఆరు రోజులు నిలిచినట్టు. కేవలం వరుసల్లోని నిల్వలకు సగటు తీస్తే లెక్క పూర్తిగా తప్పుతుంది. అదే రోజున నాలుగైదు లావాదేవీలుంటే చివరి వరుసలోని నిల్వను మాత్రమే తీసుకోవాలి.

రెండోది విలువ తేదీ, అంటే డబ్బు ఏ రోజు నుంచి లెక్కలోకి వచ్చిందని బ్యాంకు పరిగణిస్తుందో ఆ తేదీ. కొన్ని స్టేట్‌మెంట్లలో లావాదేవీ తేదీ, విలువ తేదీ అని రెండు గడులుంటాయి. వడ్డీ విలువ తేదీ ప్రకారం నడుస్తుంది. ఆలస్యంగా సరిచేసిన జమకు బ్యాంకు పాత విలువ తేదీ ఇస్తే, ఆ మధ్య రోజుల వడ్డీ కూడా మీకు రావాలి. మీకు రావలసిన డబ్బు బ్యాంకు పొరపాటు వల్ల పది రోజులు ఆలస్యంగా పడి, విలువ తేదీ కూడా ఆలస్యపు తేదీగానే ఉంటే, ఆ పది రోజుల వడ్డీ మీరు అడిగితేనే వస్తుంది. అప్పుడు తప్పకుండా అడగండి.

ఈ రెండూ సరిచూసి, మధ్యలో రేటు మారలేదని నిర్ధారించుకున్న తర్వాత కూడా రెండు మూడు రూపాయలకు మించి తేడా ఉంటే బ్యాంకును ప్రశ్నించడానికి కారణం ఉన్నట్టే.

ఈ వడ్డీకి పన్ను కోస్తారా?

దేశంలో ఉండేవారి సేవింగ్స్ వడ్డీ నుంచి బ్యాంకు మూలంలో పన్ను కోయదు. అలాగని అది పన్ను లేని ఆదాయం కాదు. అన్ని ఖాతాల వడ్డీనీ కలిపి రిటర్నులో ఇతర ఆదాయం కింద చూపాలి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి సేవింగ్స్ వడ్డీపై ఏడాదికి 10,000 రూపాయల వరకు, అరవై ఏళ్లు నిండినవారికి డిపాజిట్ల వడ్డీతో కలిపి 50,000 వరకు మినహాయింపు ఉంది. కొత్త విధానంలో ఈ మినహాయింపులు లేవు. నాలుగు చోట్ల చిన్నచిన్న ఖాతాలున్నవారు వీటిని మరిచిపోతుంటారు, ఆదాయపు పన్ను పోర్టల్‌లోని వార్షిక సమాచార నివేదికలో మాత్రం ఆ వివరాలు కనిపిస్తాయి.

వడ్డీ తక్కువ వేశారని ఖాయంగా తెలిసింది. ఎవరిని, ఎలా అడగాలి?

ముందుగా శాఖలోగానీ బ్యాంకు యాప్‌లోగానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. అందులో త్రైమాసికం మొదటి, చివరి తేదీలు, మీరు వేసిన రోజువారీ నిల్వల మొత్తం, వాడిన రేటు, రావలసిన వడ్డీ, వచ్చిన వడ్డీ రాయండి. వడ్డీ తక్కువ వచ్చిందని మాత్రమే రాస్తే, వ్యవస్థ స్వయంగా లెక్కిస్తుందన్న సాధారణ జవాబు వస్తుంది. అంకెలతో అడిగితే వడ్డీ లెక్క పట్టికను తీసి చూపించక తప్పదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తి కలిగించకపోయినా, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు `cms.rbi.org.in` లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. బ్యాంకుకు చేసిన ఫిర్యాదు ప్రతి, స్టేట్‌మెంట్, మీ లెక్క కాగితం ఈ మూడింటినీ దానికి జత చేయండి.